పెళ్లి పందిట్లో సెంటార్లు, రాజు ఇంట్లో మినోటార్

ప్రశ్న: సగం మనిషి సగం గుర్రం అయిన సెంటార్లు, ఎద్దు తల ఉన్న మినోటార్ రెండూ అడవితనానికి గుర్తులని, నాగరికతకు ఎదురు నిలబడేవని మా సార్ చెప్పారు. కానీ అకిలీస్‌కి చదువు చెప్పిన కైరాన్ కూడా సెంటారే. మినోటార్ ఏమో అడవిలో కాదు, రాజు కట్టించిన చోట ఉంది. మరి ఆ సూత్రం ఎలా కుదురుతుంది?

జవాబు:

మీ సార్ చెప్పింది తప్పు కాదు, కానీ అందులో ఒక మెట్టు దాటేశారు. గ్రీకుల దృష్టిలో మనిషికీ మృగానికీ మధ్య గీత ఒంటి మీద లేదు. అది వంటింట్లో, విందులో, పెళ్లిలో ఉంది. వండుకుని తింటున్నాడా పచ్చిది తింటున్నాడా, వైన్‌లో నీళ్లు కలుపుతున్నాడా లేదా, ఇంటికొచ్చిన అతిథిగా మర్యాద పాటిస్తున్నాడా, ఆడపిల్లను పెద్దలు ఇస్తే తీసుకుంటున్నాడా ఎత్తుకుపోతున్నాడా అని చూస్తారు. సగం గుర్రం, సగం ఎద్దు అన్నవి ఈ ప్రశ్నలన్నీ ఒక్కసారిగా కంటికి కనిపించేలా చేసిన బొమ్మలు. ఇలా చూస్తే మీ రెండు సందేహాలూ ఒకే చోట తీరుతాయి. కైరాన్ ఒళ్లు గుర్రమైనా నియమాలు పాటించాడు. మినోటార్‌ని దాచిన క్రీట్ రాజు మినోస్ ఒళ్లంతా మనిషే అయినా నియమం తప్పాడు, దాని ఫలితం అతని ఇంట్లోనే పుట్టింది.

ముందు సెంటార్ల సంగతి. వాళ్లుండేది ఉత్తర గ్రీస్‌లోని తెస్సలీ ప్రాంతం, పీలియన్ కొండ. పక్కనే లాపిత్‌లనే మనుషుల తెగ. లాపిత్‌ల రాజు పిరిథోవస్‌కి హిప్పొడామియాతో పెళ్లి కుదిరింది, సెంటార్లను కూడా పిలిచారు. ఎందుకు పిలిచారో చాలామంది పట్టించుకోరు. ఎక్కువ కథనాల్లో వాళ్లు బంధువులు. పిరిథోవస్ తండ్రి ఇక్సియన్. సెంటార్ల పుట్టుక కూడా ఆయన దగ్గరికే వెళ్తుంది. ఇక్సియన్ పిల్లనిచ్చిన మామను చంపి పాపం మూటగట్టుకుంటే, దేవతల రాజు జ్యూస్ అతణ్ణి శుద్ధి చేసి తన ఇంట్లో అతిథిగా పెట్టుకున్నాడు. అన్నం పెట్టిన ఆ ఇంట్లోనే జ్యూస్ భార్య హేరా మీద కన్నేశాడు ఇక్సియన్. జ్యూస్ ఒక మబ్బును హేరా రూపంలో చేసి అతని ముందు పెట్టాడు. దానితో ఇక్సియన్‌కి పుట్టినవాడు కెంటారస్, వాడు పీలియన్ కొండ దగ్గర గుర్రాలతో కలిస్తే పుట్టినవాళ్లు సెంటార్లు. పిండార్ అనే కవి క్రీ.పూ. 5వ శతాబ్దంలో చెప్పిన కథ ఇది. అంటే అతిథి ధర్మాన్నీ పెళ్లి కట్టునూ తొక్కేసిన మనిషి సంతానం వాళ్లు. అడవి నుంచి వచ్చిన పరాయి వాళ్లు కాదు, మనిషి చేసిన తప్పు తాలూకు వారసులు.

ఇక విందు. సెంటార్లు మామూలుగా తాగేది పాలు. పిండార్ రాసిన ఒక చిన్న ముక్క మిగిలింది. అందులో వైన్ వాసన తగలగానే వాళ్లు బల్లల మీద ఉన్న తెల్లటి పాలను చేతులతో పక్కకు తోసేసి, ఎవరూ పొయ్యకుండానే వెండి కొమ్ముల్లో తాగేస్తారు. ఎవరూ పొయ్యకుండానే అన్నది ఇక్కడ ముఖ్యం. గ్రీకు విందులో వైన్ ఎవరికి వారు తాగేది కాదు. క్రేటర్ అనే పెద్ద పాత్రలో వైన్, నీళ్లు కలిపి, అందులోంచి ముంచి అందరికీ సమంగా పోస్తారు. హెసియడ్ అనే పాత కవి ఒక పాలు వైన్‌కి మూడు పాళ్లు నీళ్లు కలపమంటాడు. నీళ్లు కలపని వైన్ తాగడం పరాయి జాతుల మోటుతనం అని వాళ్ల లెక్క. కాబట్టి సెంటార్లు తాగుబోతులు కాబట్టి చెడ్డవాళ్లు అనుకుంటే సరిపోదు. వాళ్లకు వైన్ తెలియదు, వైన్ చుట్టూ ఉన్న పద్ధతి తెలియదు. మర్యాద అనేది అలవాటుతో వచ్చేది, ఆ అలవాటు లేని చోట అదే వస్తువు విషమవుతుంది.

ఈ కథ మనకు దొరికే పాత చోట్లలో ఒకటి హోమర్ కావ్యం ఒడిస్సీ 21వ సర్గ. అక్కడ దాన్ని ఎవరు చెబుతున్నారో చూడండి, భలే ఉంటుంది. ఒడిస్సియస్ బిచ్చగాడి వేషంలో తన ఇంటికే వచ్చి, పెళ్లి పందెంగా పెట్టిన విల్లు నేనూ ఒకసారి ఎక్కిస్తానని అడుగుతాడు. అతని భార్యను పెళ్లాడతామని ఇంట్లో తిష్ట వేసి, అతని పశువులను కోసుకు తింటున్న వాళ్లకు నాయకుడు యాంటినోయస్. వాడికి కోపం వచ్చి, నీకు వైన్ తలకెక్కింది, యూరిటియన్ అనే సెంటార్‌కి కూడా పిరిథోవస్ ఇంట్లో ఇలాగే తలకెక్కింది, వీరులు వాణ్ణి బయటికి ఈడ్చి చెవులూ ముక్కూ కోసేశారు, మనుషులకూ సెంటార్లకూ వైరం అప్పటి నుంచే అని బెదిరిస్తాడు. పరాయి వాడి ఇంట్లో దూరి, పరాయి వాడి వైన్ తాగుతూ, పరాయి వాడి భార్య కోసం కాచుకున్నవాడు అతిథి మర్యాద గురించి పాఠం చెబుతున్నాడు! ఆ హాల్లో అసలు సెంటార్ ఎవరో వినేవాళ్లకు తెలుసు. కాసేపట్లో బాణం ముందుగా తగిలేది కూడా యాంటినోయస్‌కే, అదీ వైన్ గిన్నె నోటి దాకా ఎత్తుతున్నప్పుడు. ఈ సర్గలో పెళ్లికూతురి ప్రస్తావన లేదు, సెంటార్ ఒంటి వర్ణన కూడా లేదు. తాగి అతిథి ధర్మం తప్పడం ఒక్కటే ఉంది.

పెళ్లికూతుర్ని లాక్కెళ్లబోయిన ఘట్టం వివరంగా రోమన్ కవి ఓవిడ్ దగ్గర, మెటమార్ఫోసెస్ 12వ భాగంలో దొరుకుతుంది. అక్కడ సెంటార్ పేరు యూరిటస్. అతను హిప్పొడామియాను జుట్టు పట్టి లాగుతాడు, మిగతా సెంటార్లు చేతికందిన ఆడవాళ్లను పట్టుకుంటారు. విందు సామాన్లే ఆయుధాలవుతాయి. గ్రైనియస్ అనే సెంటార్ నిప్పుతో సహా బలిపీఠాన్ని ఎత్తి జనం మీదికి విసురుతాడు. సరే, సెంటార్ కదా అనుకుంటాం. కానీ అంతకు ముందే మన నాగరిక వీరుడు, ఏథెన్స్ థీసియస్, పక్కనున్న చెక్కడపు పనితనం ఉన్న పాత క్రేటర్‌ని ఎత్తి యూరిటస్ మొహాన కొడతాడు. వైన్‌ని నీళ్లతో కలిపి మనుషులను మనుషులుగా ఉంచే పాత్ర అది. దానితోనే తల పగలగొట్టాడు. ఎదుటివాడు గీత దాటితే ఇటువైపు వాడి చేతిలో కూడా గీత మిగలదని ఓవిడ్ నవ్వుతూ చెబుతున్నట్టు నాకు అనిపిస్తుంది.

ఇక మీ కైరాన్. అతను పుట్టుకలోనే వేరు. క్రోనస్‌కీ ఫిలిరా అనే జలకన్యకూ పుట్టినవాడు, ఇక్సియన్ వంశం కాదు. అకిలీస్, జేసన్, వైద్యానికి దేవుడైన అస్క్లీపియస్ ఇతని శిష్యులే. మూలికలు, వేట, సంగీతం నేర్పాడు. కానీ అతను నగరానికి వచ్చి పాఠం చెప్పలేదు, పిల్లలనే కొండ మీది గుహకు పంపారు. అపొలొడోరస్ పేరు మీద ఉన్న పురాణ సంకలనంలో కైరాన్ చిన్న అకిలీస్‌కి సింహాల, అడవి పందుల పేగులు, ఎలుగుబంటి మూలుగ పెట్టి పెంచాడని ఉంటుంది. అంటే యోధుడికి కొంత అడవి కావాలి, అది తగిన చేతి మీదుగా అందాలి అని వాళ్ల నమ్మకం. అకిలీస్ పెద్దయ్యాక ఎంత కోపిష్టి అయ్యాడో తెలిసిందే కాబట్టి, ఆ మోతాదు సరిగ్గా పడిందో లేదో మీరే ఆలోచించండి.

కైరాన్ కంటే నాకు ఆసక్తిగా అనిపించేది ఫోలస్ అనే ఇంకో మంచి సెంటార్. గ్రీకుల మహాబలుడు హెరాక్లీస్ అడవి పంది వేటకు వెళ్తూ ఇతని గుహలో ఆగుతాడు. ఫోలస్ అతిథికి కాల్చిన మాంసం పెట్టి, తను పచ్చిది తింటాడు. ఒకే గుహలో, పక్కపక్కనే, రెండు రకాల భోజనం. అతిథికి ఏది పెట్టాలో తెలుసు, తను మాత్రం అడవివాడే. హెరాక్లీస్ వైన్ అడుగుతాడు. అక్కడో జాడీ ఉంది, అది సెంటార్లందరి ఉమ్మడి సొత్తు, తెరవడానికి ఫోలస్ భయపడతాడు. హెరాక్లీస్ పర్లేదని తెరుస్తాడు. వాసనకు మిగతా సెంటార్లు బండరాళ్లు, పీకిన చెట్లు పట్టుకుని వచ్చి పడతారు. పోట్లాటలో హెరాక్లీస్ విషపు బాణం పొరపాటున కైరాన్‌కి తగులుతుంది. ఫోలస్ అయితే ఇంత చిన్న బాణం అంత పెద్ద ప్రాణిని ఎలా చంపిందా అని చేతిలోకి తీసుకుని చూస్తుంటే, జారి కాలి మీద పడి చనిపోతాడు. ఇద్దరు మంచి సెంటార్లకూ చేటు తెచ్చింది నాగరికుడి బాణమే. ఆ జాడీ మూత తీసింది కూడా మనిషే.

బొమ్మల్లో దీన్ని ఎలా చూపించారో చెబితే ఇంకా స్పష్టంగా ఉంటుంది. పాత గ్రీకు కుండల మీద కైరాన్‌ని గుర్తుపట్టడానికి తేలికైన పద్ధతి ముందు కాళ్లు చూడటం. మామూలు సెంటార్లకు నడుము కింద నాలుగూ గుర్రపు కాళ్లే. కైరాన్‌కి చాలాసార్లు ముందు రెండూ మనిషి కాళ్లు, ఒంటి మీద బట్ట, భుజాన కొమ్మకు వేలాడే వేట. అంటే పూర్తి మనిషి నిలబడి ఉంటే వెనక గుర్రం అతికించినట్టు ఉంటాడు. ఫోలస్‌ని కూడా కొన్నిసార్లు ఇలాగే వేశారు. అయితే దీన్ని అన్ని కాలాలకూ వర్తింపజేయకండి. బాగా పాత రోజుల్లో సెంటార్లను మామూలుగానే మనిషి కాళ్లతో చేసేవాళ్లు.

ఇంకో చోటు ఒలింపియాలోని జ్యూస్ గుడి. క్రీ.పూ. 470, 457 మధ్య కట్టింది. దాని పడమటి ముఖం మీద, కప్పు కింది త్రికోణంలో ఈ పెళ్లి గొడవంతా శిల్పంగా ఉంది, ఇప్పుడు అక్కడి మ్యూజియంలో చూడొచ్చు. మధ్యలో అపోలో దేవుడు చెయ్యి చాచి నిలబడి ఉంటాడు, ఎవరినీ కొట్టడు. చుట్టూ పట్టులాటలు. సెంటార్ల మొహాలు ముడతలు పడి, వంకర్లు తిరిగి ఉంటాయి. లాపిత్ ఆడవాళ్ల మొహాలు మాత్రం దాదాపు ఏమీ జరగనట్టు ప్రశాంతంగా ఉంటాయి. మీద చెయ్యి వేసిన సెంటార్‌ని మోచేత్తో నెట్టేస్తున్న అమ్మాయి మొహంలో కూడా కేక లేదు. శిల్పికి ఏడుపు చెక్కడం రాక కాదు. తనను తాను అదుపులో ఉంచుకోవడమే నాగరికత అని చెప్పడానికి మొహాన్ని వాడుకున్నాడు. పక్కన ఒక సెంటార్ తన మెడ నొక్కుతున్న యువకుడి చేతిని పళ్లతో కొరుకుతుంటాడు. మనిషి నోరు ఉండీ దాన్ని మాటకు కాకుండా కరవడానికి వాడటం అన్నమాట.

ఏథెన్స్ పార్థెనాన్ గుడి దక్షిణం వైపు పలకల మీద కూడా ఇదే యుద్ధం. పర్షియన్ల మీద గెలుపుకి ఇది సంకేతం అని, సెంటార్ అంటే పర్షియన్ అని చాలా పుస్తకాల్లో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. క్రీ.పూ. 480లో పర్షియన్లు ఏథెన్స్‌ని తగలబెట్టిన జ్ఞాపకం ఆ గుడి వెనక ఉన్న మాట నిజమే, నేను కాదనను. కానీ సెంటార్లు దండెత్తి రాలేదు, పిలిస్తే వచ్చిన చుట్టాలు. పైగా ఆ పలకల్లో ఒకదాని మీద సెంటార్ చచ్చిపడిన యువకుడి పైన కాళ్లెత్తి, చేతికి చిరుతపులి తోలు ఆడిస్తూ విజయగర్వంతో ఉంటాడు. చాలా అందమైన శిల్పం, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. నాగరికత గెలిచింది అని మాత్రమే చెప్పాలనుకునేవాడు ఆ పలక చెక్కడు.

ఇప్పుడు మినోటార్. ఇక్కడ దిశ తిరగబడుతుంది. సెంటార్ బయటి నుంచి ఇంట్లోకి వచ్చాడు, మినోటార్ ఇంట్లోనే పుట్టింది. క్రీట్ రాజు మినోస్ రాజ్యం తనదేనని రుజువు చేసుకోవడానికి సముద్ర దేవుడు పొసైడాన్‌ని ఒక ఎద్దును పంపమని వేడుకున్నాడు, వస్తే మళ్లీ నీకే బలి ఇస్తానని మొక్కుకున్నాడు. సముద్రంలోంచి అద్భుతమైన ఎద్దు వచ్చింది. మినోస్‌కి దాన్ని చంపబుద్ధి కాలేదు. దాన్ని తన మందలో కలిపేసుకుని వేరే ఎద్దును బలి ఇచ్చాడు. కథంతా ఈ ఎగవేత మీదే నిలబడి ఉంది, అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం.

గ్రీకుల బలి అంటే జంతువును చంపడం ఒక్కటే కాదు. మచ్చలేని జంతువును అలంకరించి ఊరేగింపుగా తెచ్చి, తల మీద నీళ్లు చల్లి, అది తల ఆడిస్తే ఒప్పుకున్నట్టు తీసుకునేవాళ్లు. తరవాత తొడ ఎముకలను కొవ్వులో చుట్టి దేవుడి కోసం కాల్చి, మాంసం వండుకుని జనమంతా పంచుకుని తినేవాళ్లు. పొగ దేవుడికి, వండిన మాంసం మనిషికి. దేవుడు పైన, మనిషి మధ్యలో, పశువు కింద అనే వరస ప్రతి బలిలోనూ మళ్లీ నిలబడుతుంది. మినోస్ ఆ ఎద్దును దాచుకోవడంతో వరస తెగిపోయింది. ఆ తరవాత జరిగేదంతా ఈ వరస తలకిందులవడమే. పొసైడాన్ కోపంతో రాణి పసిఫాయీకి ఆ ఎద్దు మీదే మోహం పుట్టించాడు. ఆస్థాన శిల్పి డెడాలస్ చక్రాల మీద చెక్క ఆవును చేసి, లోపల గుల్ల చేసి, పైన నిజమైన ఆవు తోలు కుట్టి, రాణిని అందులో కూర్చోబెట్టాడు. అలా పుట్టిన బిడ్డ మినోటార్, అసలు పేరు అస్టీరియస్. బలి కావలసిన పశువు సంతానం చివరికి ఏథెన్స్ నుంచి వచ్చిన ఏడుగురు అబ్బాయిలను, ఏడుగురు అమ్మాయిలను తింటుంది. మనిషి పశువును తినాల్సిన చోట పశువు మనిషిని తింటోంది, అదీ రాజు ఏర్పాటు చేసిన కప్పం కింద.

చెక్క ఆవు చేసినవాడూ, ఆ బిడ్డను దాచడానికి లాబిరింత్ అనే, లోపలికి వెళ్తే బయటికి దారి దొరకని కట్టడం కట్టినవాడూ ఒక్కడే. అడవిలో దారి తప్పడం సహజం. ఇక్కడ దారి తప్పడాన్ని కొలతలు వేసి కట్టారు. కట్టిన డెడాలసే గుమ్మం దాకా తిరిగి రాలేక తడబడ్డాడని ఓవిడ్ అంటాడు. కాబట్టి లాబిరింత్‌ని అడవికి ప్రతిరూపం అని మాత్రమే రాస్తే సగం పోతుంది. అది నాగరికత తన సిగ్గును దాచుకోవడానికి తన నైపుణ్యంతోనే కట్టుకున్న ఇల్లు.

ఆ బిడ్డను రాక్షసుడిగా కాకుండా చూపించిన బొమ్మ ఒకటుంది. ఇటలీలోని వుల్చీలో దొరికిన ఎట్రుస్కన్ పాత్ర, క్రీ.పూ. 4వ శతాబ్దానిది, ఇప్పుడు పారిస్‌లో ఉంది. పసిఫాయీ ఒళ్లో చిన్న దూడ తల బిడ్డను కూర్చోబెట్టుకుని ఉంటుంది. ఒళ్లు మామూలు పసిపిల్లాడిదే. దాన్ని చూశాక మినోటార్‌ని అడవి మృగం అనడానికి నోరు రాదు.

రెండింటికీ ఉన్న తేడా శరీరంలో కూడా కనిపిస్తుంది. సెంటార్‌కి తల మనిషిది, కాబట్టి మాట ఉంది, పేరుంది, తప్పు చేస్తే బాధ్యత ఉంది, కైరాన్‌లా మారే అవకాశమూ ఉంది. మినోటార్‌కి తలే ఎద్దుది. అది మాట్లాడదు, బేరం లేదు, నేర్చుకోవడం లేదు. అందుకే సెంటార్లతో పెళ్లి, విందు, చదువు, యుద్ధం అన్నీ నడిచాయి. మినోటార్‌తో దాచడం, చంపడం తప్ప ఇంకేమీ నడవలేదు. మనవాళ్లు దీన్ని నరసింహుడితోనో మహిషాసురుడితోనో పోల్చాలనుకుంటారు. నరసింహుడి సగం మృగం దేవుడు కావాలని తీసుకున్న రూపం, మహిషుడు రూపాలు మార్చగల అసురుడు. ఆ లెక్కే వేరు, బలవంతంగా కలపకండి. నిజంగా మన దాకా నడిచి వచ్చింది మాత్రం సెంటారే, జ్యోతిషం దారిన. గ్రీకుల ధనూరాశి బొమ్మ విల్లు పట్టిన సెంటార్. వరాహమిహిరుడు బృహజ్జాతకంలో ధనుస్సును విల్లు పట్టిన, వెనక భాగం గుర్రంగా ఉన్న మనిషిగా చెప్పాడు. పంచాంగాల్లో కనిపించే బొమ్మ అదే. ఇక్కడికి వచ్చేసరికి అడవితనం, తాగుడు, పెళ్లి గొడవ అన్నీ రాలిపోయి విల్లు, గుర్రం మిగిలాయి.

ఎద్దు సంగతి పూర్తి చేస్తాను. మినోస్ బలి ఇవ్వని ఆ సముద్రపు ఎద్దును హెరాక్లీస్ క్రీట్ నుంచి పట్టి తెచ్చాడు. తరవాత వదిలేశాక అది ఏథెన్స్ దగ్గరి మారథాన్‌లో తిరుగుతూ జనాన్ని పీడించింది. మినోస్ కొడుకు ఆండ్రోజియస్ చనిపోయింది దాని వల్లే అని ఒక కథనం. ఆ చావుకు పరిహారంగానే ఏథెన్స్ మీద పిల్లల కప్పం పడింది. థీసియస్ మినోటార్‌ని చంపడానికి క్రీట్ వెళ్లకముందు చేసిన పని ఆ ఎద్దును ప్రాణాలతో పట్టుకుని, ఊళ్లో ఊరేగించి, అపోలోకి బలి ఇవ్వడం అని ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత రాశాడు. మినోస్ ఎగ్గొట్టిన బలి ఇన్నాళ్లకు, వేరే ఊళ్లో, వేరే దేవుడికి తీరింది. లాబిరింత్‌లో కత్తి దూయడం కంటే ఏథెన్స్ వాళ్లు తమ వీరుడిని మినోస్ నుంచి వేరు చేసుకున్నది ఈ పనితోనే అని నా అభిప్రాయం. మీరు పరీక్షలో రాస్తున్నట్టయితే ఇది తప్పకుండా రాయండి, చాలామంది వదిలేస్తారు.

అయితే థీసియస్‌ని నాగరికతకు ప్రతినిధిగా చివరిదాకా మోయకండి. మినోటార్‌ని చంపి లాబిరింత్‌లోంచి బయటపడటానికి దారం ఇచ్చిన మినోస్ కూతురు ఆరియాడ్నిని అతను నాక్సస్ దీవిలో వదిలేసి వెళ్లిపోయాడు. తరవాత, పెళ్లి పందిట్లో ఆడవాళ్లను ఎత్తుకుపోతున్న సెంటార్లతో పోరాడిన అదే ఇద్దరు స్నేహితులు, థీసియస్, పిరిథోవస్, కలిసి స్పార్టా వెళ్లి ఇంకా చిన్నపిల్లగా ఉన్న హెలెన్‌ని ఎత్తుకొచ్చారు. ఆ తరవాత పిరిథోవస్ కోసం పాతాళానికి దిగి, పాతాళ రాజు హేడీస్ భార్య పెర్సెఫోనినే తెచ్చేద్దామనుకున్నారు. హేడీస్ వాళ్లను అతిథుల్లాగే ఆదరించి ఆసనాల మీద కూర్చోమన్నాడు, ఆ ఆసనాలే వాళ్లను పట్టేసుకున్నాయి. హెరాక్లీస్ వచ్చి థీసియస్‌ని లాగి బయటపడేశాడు. పిరిథోవస్‌ని మాత్రం లేపలేకపోయాడు. తండ్రి ఇక్సియన్ జ్యూస్ ఇంట్లో చేసిన పనినే అతను హేడీస్ ఇంట్లో చేయబోయాడు.